తడి ఆరని చిన్న బాత్రూమ్: షెల్ఫు, హుక్కులు, మ్యాట్, అద్దం లైటు

కడప_శైల: మాది కడపలో అద్దె ఇల్లు. బాత్రూమ్ నాలుగడుగులు, ఆరడుగులు. ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉన్నా మధ్యాహ్నానికీ గోడలు ఆరవు. అంటించే హుక్కులు ఊడిపోతున్నాయి, మ్యాట్ వాసన వస్తోంది, అద్దం అంచులు నల్లబడ్డాయి. సబ్బులు, డబ్బాలు అన్నీ నేల మీదే. ఎక్కడ మొదలుపెట్టాలి?

అనంత_రాజు: ఫ్యాన్ చిన్నదేమో అక్కా, పెద్దది పెట్టించండి. అదొక్కటే మందు.

టైల్స్_మేస్త్రీ: ఫ్యాన్ కొనేముందు ఒకటి చూడండమ్మా. తలుపు మూసి ఫ్యాన్ వేసి, జాలీ దగ్గర పలచటి కాగితం పట్టండి. అతుక్కోకుండా జారిపోయి, తలుపు కాస్త తెరవగానే అతుక్కుంటే ఫ్యాన్ తప్పు కాదు. లోపలికి గాలి వచ్చే దారి లేదు. తలుపు కింద వేలు దూరేంత సందు ఉండాలి. స్నానమయ్యాక కూడా అరగంట తిరగనివ్వండి.

కర్నూలు_బాషా: మాకు పైవాళ్ల బాత్రూమ్ నుంచి నీళ్లు కారుతున్నాయి. ఓనరు పట్టించుకోడు. ఏం చేయాలి?

టైల్స్_మేస్త్రీ: అది వేరే సంగతి అన్నా, పైన పైపు, టైల్స్ సందులు చూపించాలి. శైలమ్మా, హుక్కుల సంగతి చెప్తాను. మన బోరు నీళ్లకు టైల్ మీద తెల్లటి పొర కడుతుంది. బంక ఆ పొరకు పట్టుకుంటుంది, టైల్‌కు కాదు. వెనిగర్‌తో రుద్ది, కడిగి, బాగా ఆరనిచ్చి అంటించండి. ఒక రోజంతా ఏమీ తగిలించొద్దు. గరుకు టైల్ మీద ఎలాగూ నిలవవు. తువాళ్లకు తలుపు పైఅంచున తగిలించే హుక్కుల పట్టీ మేలు.

కడప_శైల: మూలలో కడప బండ అర ఉంది. దాని మీద పెట్టొచ్చా?

టైల్స్_మేస్త్రీ: పెట్టండి, కానీ వెనిగర్, టాయిలెట్ యాసిడ్ తగలనివ్వొద్దు. అది సున్నపురాయి, మెరుపు పోయి తెల్లబారుతుంది. రోజూ వాడేవే అక్కడ, మిగతావి బయట బీరువాలో.

అనంత_రాజు: అద్దం?

టైల్స్_మేస్త్రీ: గోడకు ఆనించి బిగిస్తే వెనక చెమ్మ నిలిచి, అంచు నుంచి పూత తింటుంది. నల్లబడిన చోటు మళ్లీ బాగుపడదు. కొత్తది పెట్టేటప్పుడు వెనక చిన్న సందు వదలండి. సిలికాన్ వాడితే వెనిగర్ వాసన వచ్చే రకం వద్దు, పూతను పాడుచేస్తుంది. లైటు తల వెనక ఉంటే ముఖం మీద నీడ పడుతుంది. అద్దం పైన, నీటి తుంపరలను తట్టుకునే IP44 గుర్తు ఉన్న లైటు, షవర్‌కు దూరంగా, ఎలక్ట్రీషియన్‌తోనే పెట్టించండి. స్విచ్ బయట.

కడప_శైల: మరి మ్యాట్?

అనంత_రాజు: రంధ్రాల రబ్బరుది, జారదు.

కర్నూలు_బాషా: మా ఇంట్లో దాని కిందే పాకుడు పట్టింది. గుడ్డదే తలుపు బయట వేసి, రెండు మార్చి మార్చి ఎండబెడుతున్నాం.

టైల్స్_మేస్త్రీ: ముసలివాళ్లుంటే రబ్బరుదే నయం, రోజూ గోడకు నిలబెట్టి ఆరనిస్తే. లేకపోతే బాషా అన్న మాటే సరి.

కడప_శైల: మా అత్తయ్య ఉన్నారు, కానీ రోజూ ఎత్తి నిలబెట్టేది నేనొక్కదాన్నే. ముందు కాగితం పట్టి చూస్తాను.