సంగ్రహం అడిగితే సారాంశం పంపొచ్చా?

శ్రీలత: మా గైడ్ మేడం మూడో అధ్యాయాన్ని "ఒక్క పేజీలో సంగ్రహంగా రాసి పంపమ్మా, బుధవారం మీటింగు లోపు చూస్తాను" అన్నారు. అధ్యాయం 64 పేజీలు. గుంటమగ్గం పోయి మరమగ్గం వచ్చిన మూడు ఊళ్లలో 41 మందిని అడిగి సేకరించిన నేత మాటల మీద రాసింది. ఏ మాటలు నిలిచాయి, ఏవి పోయాయి అన్నదే విషయం. సంగ్రహం, సారాంశం, సంక్షేపం మూడూ ఒకటేనా? సారాంశం అనుకుని రాస్తే రెండున్నర పేజీలు వచ్చింది. మొదలు ఇలా ఉంది:

"ఈ అధ్యాయంలో చేనేత పదజాలం యొక్క స్వరూప స్వభావాలు చర్చించబడ్డాయి. మగ్గం భాగాలకు, పడుగు పేకలకు సంబంధించిన పదాలు వర్గీకరించి విశ్లేషించబడ్డాయి."

రవికుమార్: సంగ్రహం అంటే సేకరించి ఒకచోట పెట్టడం. సంగ్రహాలయం అన్న మాట చూడండి. కాబట్టి అధ్యాయంలోని ప్రతి ఉపశీర్షిక నుంచీ కొంత రావాలి, ఏదీ వదలకూడదు. తేలిక దారి కావాలంటే అధ్యాయం చివరి ముగింపు పేరాలు తీసి పెట్టేయండి, అవి ఎలాగూ ఒకటిన్నర పేజీయే ఉంటాయి.

సుభద్ర: రవి గారూ, ధాత్వర్థం మీరు చెప్పిందే. కానీ ఆ మాటకు "క్లుప్తంగా" అన్న అర్థమూ పాతదే. గీత ఎనిమిదో అధ్యాయం పదకొండో శ్లోకంలో "తత్తే పదం సంగ్రహేణ ప్రవక్ష్యే" అని ఉంది. అక్కడ "క్లుప్తంగా చెబుతాను" అనే, "అన్నీ పోగు చేసి చెబుతాను" అని కాదు. గుప్పిట్లో పట్టేంత తీసుకోవడం అనుకుంటే రెండు అర్థాలూ కలుస్తాయి. సంక్షేపంలో ఉన్నది విసరడం అనే అర్థమున్న క్షిప్ ధాతువు; ముందు "సం" చేరితే ఉన్నదాన్నే దగ్గరికి నొక్కడం. అందులో విషయాల వరస మారదు, పరిమాణం తగ్గుతుంది. సారాంశంలో పిప్పి పోయి సారం మిగులుతుంది. మేడం గారికి కావలసింది గుప్పిట. ఏది పట్టుకోవాలో మీరే ఎంచాలి.

ముగింపు పేరాలు పెట్టడం మాత్రం వద్దు. అవి అధ్యాయమంతా చదివి వచ్చినవాళ్ల కోసం రాసినవి. "పైన చూసినట్లు", "ఈ వర్గంలోని పదాలు" అంటూ వెనక్కి చూస్తుంటాయి. వెనకున్నది చదవనివాళ్లకు అవి అందవు.

శ్రీలతా, మీ రెండు వాక్యాల్లో ఇబ్బంది "చర్చించబడ్డాయి, విశ్లేషించబడ్డాయి" దగ్గరుంది. కర్మణి ప్రయోగం తెలుగుకు నప్పదన్న పాత తగాదా పక్కన పెడదాం. ఆ క్రియలు మీరు చేసిన పని చెబుతున్నాయి, తేలింది చెప్పడం లేదు. ఆ రెండు వాక్యాలూ ఏ వృత్తి పదాల అధ్యాయానికైనా అతుకుతాయి. ఒక పరీక్ష ఉంది. మీ వాక్యాన్ని ఎవరైనా "కాదు" అనగలరా? "పదాలు వర్గీకరించబడ్డాయి" అంటే కాదనడానికి ఏమీ లేదు. "మగ్గం భాగాల పేర్లు పోయాయి, నూలు పని మాటలు నిలిచాయి" అంటే కాదనవచ్చు. అలాంటి వాక్యమే పేజీకి ఎక్కాలి.

ఇస్మాయిల్: దీనికి మన ఊళ్లలో చక్కని మాటే ఉంది, ముక్తసరి. "ముక్తసరిగా చెప్పు" అంటే సరిపోతుంది కదా.

రవికుమార్: అది ముక్త శబ్దం నుంచి వచ్చింది కాబోలు. విడిచిపెట్టినట్టు మాట్లాడటం.

ఇస్మాయిల్: కాదన్నా, ఉర్దూ ముఖ్తసర్. మూలం అరబీ. కుదించినది అనే అర్థం. పెద్ద గ్రంథాన్ని కుదించి రాసిన దానికీ ఆ పేరే.

సుభద్ర: ఇస్మాయిల్ గారిదే సరి. అయితే తెలుగులో ఆ మాటకు ఇప్పుడు కొంచెం ముఖం తిప్పుకున్న ఛాయ వచ్చింది. "ముక్తసరిగా జవాబిచ్చాడు" అంటే మనసు పెట్టలేదనే అనుకుంటాం. పేజీ నెత్తిన ఆ మాట పెడితే బాగోదేమో.

పద్మ: మా విశ్వవిద్యాలయంలో సినాప్సిస్ ఒక పేజీ ఒప్పుకోరమ్మా. నేను ఇచ్చింది చాలా పెద్దది, అధ్యాయాల వారీగా, ఉపయుక్త గ్రంథాలతో సహా. ముందు ఆఫీసులో నమూనా అడిగి రాయండి.

శ్రీలత: పద్మక్కా, ఇది సినాప్సిస్ కాదు. మేడం ఒక్కరే చదువుతారు. సుభద్ర గారూ, మరి ఎక్కడ మొదలుపెట్టాలి? ప్రతి పేజీలోంచి ఒక వాక్యం ఏరితే 64 వాక్యాలు అవుతున్నాయి.

సుభద్ర: అందుకే ఏరుకుంటూ రాకూడదు. అధ్యాయం మూసేసి, "ఏం తేలింది?" అని అడిగితే నోటితో ఏం చెబుతారో అది ఒక్క వాక్యంగా రాయండి. తర్వాత అధ్యాయం తెరిచి, ఆ వాక్యాన్ని నిలబెట్టే రుజువులు మూడో నాలుగో వెతకండి. ప్రతిదాని పక్కన పేజీ సంఖ్య వేయండి. మేడం గారికి అనుమానం వస్తే నేరుగా ఆ పేజీకే వెళ్తారు. పూర్వ పరిశోధన, ఊళ్ల చరిత్ర, సేకరణ విధానం ఒక్క వాక్యానికి మించకూడదు. అవి ఆవిడకు తెలిసినవే.

ఆఖర్న మీకు ఆవిడ నుంచి ఏ నిర్ణయం కావాలో అడగండి. ఏమీ అడగకపోతే "చూశాను, బాగుంది" అన్న జవాబే వస్తుంది.

పరిమాణం సంగతి: ఏ4 కాగితం మీద 12 పాయింట్లలో, ఒత్తులు కింది వరుసకు తగలకుండా ఎడం ఇస్తే 250 నుంచి 300 తెలుగు మాటలు పడతాయి. చాలకపోతే అక్షరం చిన్నది చేయకండి. ఫోనులో చదివితే ఒత్తులు అలుక్కుపోతాయి. ఒక రుజువు తీసేయండి.

శ్రీలత: రాసిన ముక్క ఇది:

"గుంటమగ్గంతో పాటు దాని భాగాల పేర్లు పోయాయి; నూలు పని మాటలు నిలిచాయి. భాగాల పేర్లు 58లో 19 మాత్రమే యువతరం వాడుతోంది (పే. 112). పడుగు, పేక, కండె వంటి 47 నూలు పని మాటల్లో 40 వాడుతోంది (పే. 121). తొక్కుడు కర్ర వంటివాటికి కొత్త మగ్గంలో పనే లేదు. నాడెకు పని ఉన్నా, షటిల్ అన్న మాట వచ్చింది (పే. 118)."

సుభద్ర: ఇది చదివితే కాదనాలో ఔననాలో తెలుస్తోంది. కానీ "యువతరం" అన్నారే, 41 మందిలో ముప్ఫై ఏళ్ల లోపువాళ్లు ఎందరు?

శ్రీలత: ఆరుగురు. మూడు ఊళ్లలోనూ కలిపి.

సుభద్ర: అది అధ్యాయంలో ఉందా?

శ్రీలత: ఉంది, 109వ పేజీలో. పేజీలో పట్టక తీసేశాను.

సుభద్ర: తీయవలసింది అది కాదు. కుదింపులో మొదట రాలిపోయేవి "కొందరు, ఎక్కువగా, ఈ ఊళ్లలో" లాంటి చిన్న మాటలే. అవి పోగానే ఆరుగురి వాడుక యువతరమైపోయింది. "మేము అడిగిన ఆరుగురు యువకులు" అని రాయండి, నాలుగు మాటలే. అలాగే "పోయాయి" అన్న తీర్పును "వాడుకలో తగ్గాయి" చేయండి. పేజీ పూర్తయ్యాక ఒక్కో వాక్యాన్నీ అది చూపే పేజీతో పక్కపక్కన పెట్టి చూడండి. అధ్యాయం కంటే పేజీ గట్టిగా మాట్లాడుతున్న ప్రతిచోటా ఇలాంటి మాట ఒకటి రాలిపోయి ఉంటుంది.

రవికుమార్: ఆరుగురే అని మొదట్లోనే ఒప్పుకుంటే, మేడం అధ్యాయమే పక్కన పెట్టమంటారేమో?

సుభద్ర: అనవచ్చు. ఇంకా పదిమందిని అడగమనవచ్చు కూడా. ఆ మాట ఇప్పుడు రావడం మంచిది, మౌఖిక పరీక్షలో రావడం కంటే.

శ్రీలత: అయితే అడగవలసిన ప్రశ్న దొరికింది: "ఇంకా పదిమంది యువకులను కలవాలా, లేక వాదాన్ని పెద్దవాళ్ల వాడుకకే పరిమితం చేయాలా?" ఇంకొకటి మిగిలింది. నాడె అంటే ఆ ఆరుగురికీ తెలుసు. వాళ్ల నోట మాత్రం షటిలే. దాన్ని నేను పోయిన మాటల్లో వేశాను.

ఇస్మాయిల్: వింటే తెలిసే మాట పోయినట్టెట్లా అవుతుంది?

సుభద్ర: వాడుకను బట్టి లెక్కేస్తే పోయినట్టే, తెలియడాన్ని బట్టి అయితే లేదు. ఏ లెక్క తీసుకున్నారో అధ్యాయంలోనే తేలలేదు కనుక పేజీలో తేల్చకండి. మేడం గారికి రెండో ప్రశ్నగా అదే పెట్టండి.