ముహూర్తం రాత్రి 2:38కి, శాంపిల్ ఫొటోలన్నీ ఎండలో. ఈ పెళ్లి ప్యాకేజీ బుక్ చేయొచ్చా?

కడియం_చిన్నోడు:
మాఘమాసంలో మా చెల్లి పెళ్లి. రాజమండ్రిలో ఏసీ హాలు, ముహూర్తం రాత్రి 2:38. ఇన్‌స్టాలో ఒక స్టూడియో వాళ్ల ప్యాకేజీ పోస్టు చూసి ఇదే కావాలంటోంది. జరుపుకుంటూ చూసే స్లైడ్లు, మొదటి ఆరూ శాంపిల్ ఫొటోలు, తర్వాత ఏమేం ఇస్తారో, ఆఖర్న బుకింగ్ ఎలాగో. రేటు ఎక్కడా లేదు, మెసేజ్ పెడితే 1,10,000 అన్నారు. ఒక రోజు కవరేజీ, ట్రెడిషనల్ ఫొటో ఒకరు, ట్రెడిషనల్ వీడియో ఒకరు, క్యాండిడ్ ఒకరు, డ్రోన్, 40 షీట్ల ఆల్బమ్ ఒకటి, టీజర్. సగం అడ్వాన్స్ కడితేనే డేట్ బ్లాక్ చేస్తారట. కింద చిన్న అక్షరాల్లో "తేదీ మారినా అడ్వాన్స్ వాపసు లేదు" అని ఉంది. బుక్ చేయొచ్చా?

వరంగల్_వాసు:
రేటు దాచినోని కాడికి పోవుడే తప్పు. కూరగాయల బండి మీద గూడ రేటు పలక ఉంటది. మెసేజ్ పెట్టినంక మన ఫంక్షన్ హాల్ ఏదో అడుగుతరు, దాన్ని బట్టి రేటు చెప్తరు. నాకు తెల్సు.

డల్లాస్_రావు:
లైవ్ స్ట్రీమింగ్ ఉందో లేదో కనుక్కోండి. మా మేనకోడలి పెళ్లికి లింక్ పంపారు, జీలకర్రబెల్లం టైముకి సరిగ్గా ఆగిపోయింది. హాల్లో వైఫై నమ్ముకోవద్దు, రెండు సిమ్‌లు పెట్టమనండి.

కడియం_చిన్నోడు:
లైవ్ అక్కర్లేదు బాబాయ్, మావాళ్లంతా ఇక్కడే ఉన్నారు.

లెన్సు_మస్తాన్:
నేను తెనాలి వైపు ఫొటోగ్రాఫర్‌ని. ఇదే పనిలో చాలా ఏళ్లుగా ఉన్నా కాబట్టి చెబుతున్నా. రేటు సంగతి పక్కన పెట్టండి. ఆ ఆరు స్లైడ్లు మళ్లీ తీసి చూడండి. ఎండ ఎన్నిట్లో ఉంది? పసుపు ఫంక్షన్, తోటలో జంట, సాయంత్రం ఆకాశం, ఇవే ఉంటాయి. ఎండలో ఫోన్‌తో తీసినా బాగుంటుంది. మీ పెళ్లి రాత్రి 2:38కి, హాలు లోపల.

హాల్లో వెలుగు అంటే వీడియో అబ్బాయి స్టాండు మీద పెట్టే ఎల్‌ఈడీ లైటు ఒకటి, మండపానికి డెకరేషన్ వాళ్లు పెట్టే గులాబీ, ఊదా రంగు లైట్లు. ఆ రంగు లైట్లే అసలు శత్రువులు. మధుపర్కాలు తెల్లవి కదా, వాటి మీద రంగు పడగానే గుడ్డా మొహమూ కలిసి ఊదాగా మారిపోతాయి. తర్వాత ఎడిటింగులో గుడ్డ తెలుపుకి తెస్తే చర్మం పచ్చబడుతుంది, చర్మం సరిచేస్తే గుడ్డ పాడవుతుంది. అందుకే స్లైడ్లలో రాత్రి తలంబ్రాల ఫొటో ఉందా వెతకండి. ఉంటే మధుపర్కం తెల్లగా కనిపిస్తోందా చూడండి. బియ్యపు గింజలు విడివిడిగా గాల్లో ఆగి ఉన్నాయా, గీతల్లా సాగాయా చూడండి. సాగాయంటే వెలుగు చాలక షట్టరు నెమ్మదిగా పెట్టారని అర్థం. కావాలని అలా తీసేవాళ్లు లేకపోలేదు, కానీ అన్నీ అలాగే ఉంటే కావాలని కాదు.

ఆరు ఫొటోలు నమ్మొద్దు. రాత్రి ముహూర్తం పెళ్లి ఒకటి మొత్తం గ్యాలరీ, మొదటి ఫొటో నుంచి ఆఖరు దాకా, చూపించమనండి. చూపించడానికి నసిగితే వదిలేయండి.

వరంగల్_వాసు:
అన్నా, గింజలు లెక్కపెట్టుడు సంగతి తర్వాత. రేటు ఎందుకు రాయలే? దానికి జవాబు చెప్పు.

లెన్సు_మస్తాన్:
రాస్తే పక్కవాడు అయిదువేలు తగ్గించి రాస్తాడు, అందుకని. పైగా హాలు ఎంత దూరం, ఎన్ని గంటలు, ఎన్ని కెమెరాలు అన్నది తెలియకుండా ఏ రేటు రాసినా అబద్ధమే.

హేమ_నిజామాబాద్:
నా పెళ్లి ముచ్చట చెప్తా వినండి. ఒక్క క్యాండిడ్ కెమెరానే పెట్టుకున్నం. తెరసెల్ల దించినప్పుడు ఆయన ఎదురుగ నిలబడి నన్ను తీసిండు. నా ఫొటో మస్తుగ వచ్చింది. మా ఆయన నన్ను చూసిన చూపు మాత్రం ఎక్కడ లేదు. వీడియోల పంతులుగారి వీపు. కన్యాదానంల మా నాయిన కండ్లు తుడుచుకున్నడని అందరు చెప్తరు, ఒక్క ఫొటో లేదు. ఇప్పుడు నాయిన లేడు.

లెన్సు_మస్తాన్:
అమ్మా, ఇదే నేను చెప్పబోయింది. తెర దిగే క్షణానికి రెండు చూపులు, రెండు వైపులు. ఒక్కడు ఎంత గొప్పవాడైనా ఒక వైపే నిలబడగలడు. ట్రెడిషనల్ ఫొటో అబ్బాయి ఎదురుగా ఉండి, పెద్దలందరూ పడేలా ఫ్లాషుతో తీస్తాడు, అతని పని అది. ఒకరు పెళ్లికొడుకు భుజం వెనక నుంచి పెళ్లికూతుర్ని, ఇంకొకరు అటు నుంచి ఇటు. అంటే క్యాండిడ్ ఇద్దరు కావాలి.

చిన్నోడు గారూ, మీ ప్యాకేజీలో డ్రోన్ ఉంది. రాత్రి ఏసీ హాల్లో డ్రోన్ ఏం చేస్తుందండీ? బయట లైట్ల బోర్డు మీద రెండు చుట్లు తిరుగుతుంది, టీజర్లో నాలుగు సెకన్లు వస్తుంది. డ్రోన్ తీసేసి రెండో క్యాండిడ్ ఇవ్వమని అడగండి. కాస్త పైన అడుగుతారు, అయినా ఇవ్వండి.

ఇంకోటి, ఆ "ఒక రోజు" అన్న మాట. మీ ఇంట్లో పెళ్లికూతుర్ని చేయడం ఉదయం తొమ్మిదికి అనుకుందాం. సాయంత్రం ఆరుకి ఎదుర్కోలు, 2:38కి ముహూర్తం, మాంగల్యం, తలంబ్రాలు అయ్యేసరికి నాలుగు, అప్పగింతలు తెల్లారి ఆరుకి. ఉదయం తొమ్మిది నుంచి లెక్కేస్తే ఇరవై ఒక్క గంటలు. వాళ్ల రోజు పన్నెండు గంటలైతే రాత్రి తొమ్మిదికే అయిపోయింది, ముహూర్తానికి అదనం కట్టాలి. ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో గంటల్లో రాయించుకోండి. ఎవరు వస్తారో కూడా అడగండి. మంచి ముహూర్తం రోజు ఒకే స్టూడియో రెండు మూడు పెళ్లిళ్లు ఒప్పుకుంటుంది, ఎక్స్‌పోజింగ్‌కి, అంటే కెమెరా పట్టడానికి, బయటివాళ్లను పంపుతుంది. స్లైడ్లలో ఫొటోలు తీసిన చెయ్యి మీ మండపం దగ్గరికి రాకపోవచ్చు.

గోదారిగట్టు:
ఆల్బమ్ ఒకటే అంట. ఎవరింట్లో ఉంటుందో ఇప్పుడే తేల్చుకోండి, పెళ్లయ్యాక గొడవ 😀

హేమ_నిజామాబాద్:
అసలు ఇంకోటి అడగాలె. మమ్మల్ని అడగకుండనే నా ఫొటో వాళ్ల ప్యాకేజీ పోస్టుల పెట్టిండ్రు. గట్ల పెట్టొచ్చా?

శారద_వకీలు:
కాపీరైట్ చట్టం 1957, 17వ సెక్షన్. డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోకి, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కుదారు తీయించుకున్నవారే. అయితే బుకింగ్ ఫారంలో "ఫొటోలు ప్రచారానికి వాడుకుంటాం" అని ఉండి మీరు సంతకం పెట్టి ఉంటే సంగతి వేరు. ముందు ఆ కాగితం తీసి చదవండి.

వరంగల్_వాసు:
చూసిండ్రా, అన్నీ చిన్న అక్షరాలల్లనే. రేటు రాయరు, ఇవన్ని మాత్రం రాస్తరు.

లెన్సు_మస్తాన్:
వాసూ, నీకు మా వాళ్ల మీద ఏదో ఉంది. రేటు రేటు అంటున్నావు గానీ అది కాదు. అసలేంటో చెప్పు.

వరంగల్_వాసు:
చెప్తా. మా బామ్మర్ది పెళ్లి. ముహూర్తం పది రోజులు ఉందనంగ వాళ్ల నాయనమ్మ పోయింది. మైల పడ్డది, పెళ్లి వాయిదా. ఫొటో ఆయనకు అరవై వేలు అడ్వాన్స్ ఇచ్చినం. అడిగితే పోస్టు తెరిచి చూపెట్టిండు, వాపసు లేదని. సరే అనుకున్నం. మా పెళ్లి పెట్టుకున్న అదే తారీకున వేరే పెళ్లి తీసిండు! వాని ఇన్‌స్టాలనే చూసిన, తారీకు గూడ రాసి ఉంది. మా పైసలు మింగిండు, ఆళ్ల పైసలూ మింగిండు. శవం లేచిన ఇంటి కాడ గూడ వ్యాపారమేనా?

లెన్సు_మస్తాన్:
బాధ అర్థమైంది. కానీ మా వైపూ విను. పెళ్లిళ్లు ఏడాది పొడుగునా ఉండవు. మూఢం వస్తే నెలల తరబడి కెమెరా బ్యాగులోనే ఉంటుంది. ఉన్న కొన్ని ముహూర్తాల మీదే అద్దె, ఈఎంఐ అన్నీ నడవాలి. ఒక తారీకు మీకు ఇచ్చానంటే ఆ తారీకుకి వచ్చిన మిగతావాళ్లందరికీ లేదని చెప్పినట్టే. పది రోజుల ముందు మీరు వద్దంటే, అప్పటికే అందరూ వేరేవాళ్లను మాట్లాడేసుకుని ఉంటారు. బయటి కెమెరామెన్‌కి నేను ఇచ్చిన అడ్వాన్స్ నాకు వెనక్కి రాదు.

వరంగల్_వాసు:
వేరే పెళ్లి వచ్చిందిగదనే! ఆనాడు ఖాళీ లేకుండె. నువ్వు నష్టపోతే ఉంచుకో, ఎవరొద్దన్నరు. నష్టం లేకుంటే ఎందుకు ఉంచుకుంటవ్?

శారద_వకీలు:
వాసు గారి ప్రశ్న న్యాయమైనదే.

లెన్సు_మస్తాన్:
ఆఖరి వారంలో దొరికేది సగం రేటుకి దొరుకుతుంది. అయినా ఆ తారీకు మళ్లీ అమ్ముడైతే కొంత తిరిగివ్వాలని నేనూ అంటా. ఎంత అన్నది మాత్రం నువ్వో నేనో ఇక్కడ తేల్చేది కాదు. నేనైతే వేరే తారీకుకి మార్చి ఇస్తాను, అప్పటికి నాకు ఖాళీ ఉంటే.

వరంగల్_వాసు:
ఖాళీ ఉంటే అంట. నీకు ఖాళీ ఉందో లేదో మాకెట్ల తెలుస్తది.

కడియం_చిన్నోడు:
ఈరోజు స్టూడియోకి వెళ్లి వచ్చాను. రాత్రి పెళ్లి గ్యాలరీ చూపించారు, తలంబ్రాలు బాగానే ఉన్నాయి, మాంగల్యధారణ మాత్రం ఊదా రంగులోనే ఉంది. డ్రోన్ తీసేసి రెండో క్యాండిడ్‌కి ఎనిమిది వేలు అదనం అన్నారు. ఉదయం ఇంట్లో రెండు గంటలు, సాయంత్రం ఆరు నుంచి తెల్లారి ఆరు దాకా అని కాగితం మీద రాశారు, వచ్చేవాళ్ల పేర్లతో. అడ్వాన్స్ వాపసు కుదరదట. తేదీ మారితే ఏడాదిలోపు వాళ్లకి ఖాళీ ఉన్న ముహూర్తానికి జమ చేస్తారట. సగం కాకుండా ముప్పై వేలే కడతానన్నా, ఆలోచిస్తామన్నారు.

వరంగల్_వాసు:
ముప్పై వేలు గూడ నీ పైసలే, యాదుంచుకో తమ్మీ. "మా డేట్ వేరేవాళ్లకి ఇస్తే సగం వాపసు" అని రాయించుకో.

లెన్సు_మస్తాన్:
అది రాయరు. అడిగి చూడండి, తప్పులేదు. ఊదా రంగు సంగతి మాత్రం స్టూడియో చేతిలో లేదు. డెకరేషన్ వాళ్లతో ముందే మాట్లాడి, ముహూర్తం టైముకి రంగు లైట్లు ఆపి తెల్లవి వేయమనండి.

గోదారిగట్టు:
ముందు సరే అంటారు, ఆ టైముకి లైట్ల ఆపరేటర్ నిద్రపోతాడు.

లెన్సు_మస్తాన్:
పోతాడు. స్విచ్చి బోర్డు దగ్గర మీ కుర్రాడినొకణ్ణి కూర్చోబెట్టండి, పావుగంట ముందే.