ఎల్ ఆకారం హాలు: టైల్స్ కొనడానికి 320 అడుగులా, 272 అడుగులా?

ఒంగోలు ఇల్లు: మా హాలు, డైనింగ్ కలిపి ఎల్ ఆకారంలో ఉంది. పొడవైన గోడ 20 అడుగులు, అటు గోడ 16 అడుగులు. ఒక మూల 8×6 వంటగదికి పోయింది. టైల్స్ మేస్త్రి 20×16 వేసి 320 అడుగులకు కొనమంటున్నాడు. నేను రెండు ముక్కలు చేస్తే 272 వచ్చింది. 2×2 విట్రిఫైడ్, పెట్టెకు 4 టైల్స్, పెట్టె మీద 15.5 చదరపు అడుగులని ఉంది. నా లెక్కకు 18 పెట్టెలు, అతని లెక్కకు 21. ఎవరి మాట వినాలి?

లెక్కల మాస్టారు: మీ లెక్కే సరి. కింద 20×10, పైన 12×6 అని చీల్చినా 200 + 72 = 272. నిలువుగా 12×16, పక్కన 8×10 అని చీల్చినా 192 + 80 = 272. మొత్తంలోంచి పోయిన మూల తీసేసినా 320 − 48 = 272. మూడు దారుల్లోనూ ఒకటే వచ్చింది కాబట్టి కొలతలు తప్పలేదనే అర్థం. దానికి వేస్టేజీ 10 శాతం కలిపితే 299. 15.5తో భాగిస్తే 19.3, అంటే 20 పెట్టెలు. ఇంతే. వంటగదిలో ఉన్న నేలకి కూడా హాలు టైల్స్ కొనిపించడం మేస్త్రుల పాత అలవాటు.

మణికొండ ఫ్లాట్: ఇంత టేపు పట్టుకోవడం దేనికండీ? అగ్రిమెంట్‌లో కార్పెట్ ఏరియా రాసే ఉంటుంది కదా. అది చూసి కొనేయండి. మేం అలాగే చేశాం.

తెనాలి సైటు: ఆయన అడిగింది ఒక్క హాలు గురించి. పైగా 2016 రెరా చట్టం ప్రకారం కార్పెట్ ఏరియాలో లోపలి గోడల మందం కూడా కలిసే ఉంటుంది. గోడల కింద టైల్స్ వేయరు కదా.

ఇక అసలు విషయం. మాస్టారి వైశాల్యంలో తప్పు లేదు. పేచీ అంతా ఆ 10 శాతంతోనే. టైల్ అనేది నూనెలా కొలిచి పోసేది కాదు, కోసిన ముక్క మళ్లీ అతుక్కోదు. ఎన్ని టైల్స్ పడతాయో వైశాల్యం ఒక్కటే చెప్పదు, టైల్ ఎక్కడ మొదలుపెడతారో అదీ చెబుతుంది.

2×2 అంటాం గానీ అది 600 మిల్లీమీటర్లు, అంటే 23.6 అంగుళాలే. అందుకే పెట్టె మీద 16 కాకుండా 15.5 ఉంటుంది. సందుకు 2 మిల్లీమీటర్ల స్పేసర్ వేసుకున్నా 10 టైల్స్ కలిపి 6020 మిల్లీమీటర్లు వస్తాయి. మీ గోడ 20 అడుగులు, అంటే 6096. చివర 76 మిల్లీమీటర్లు, దాదాపు మూడు అంగుళాల పట్టీ మిగిలిపోతుంది. 16 అడుగుల వైపు కూడా 8 టైల్స్ పోగా రెండున్నర అంగుళాల లోపు పట్టీ. కాగితం మీద 20 అడుగులకు సరిగ్గా 10 టైల్స్ పట్టినట్టుంటుంది, సైటులో పట్టవు.

మూల నుంచి మొదలుపెట్టి ఆ పట్టీలకు ఒప్పుకుంటే నిండు టైల్స్ 68 పడతాయి. కింద భాగంలో 10 వరసలు × 5, పైన 6 × 3. పట్టీలు కోయడానికి మూడు టైల్స్, విరుగుడుకి ఒకటి. స్కర్టింగ్ అదే టైల్‌తో అయితే మరో ఏడు. మొత్తం 79. మాస్టారి 20 పెట్టెల్లో 80 ఉంటాయి. ఒకటి మిగులుతుంది.

లెక్కల మాస్టారు: అంటే నా 20 పెట్టెలు సరిపోయినట్టే కదా!

తెనాలి సైటు: ఆ పద్ధతిలో సరిపోయాయి మాస్టారూ. కానీ హాల్లో గోడ పక్కన మూడంగుళాల పట్టీ పెట్టడానికి మంచి పనివాడు ఇష్టపడడు. రెండడుగుల పొడవున అంత సన్నగా కోస్తుంటే విరుగుతాయి. గోడ అరంగుళం వంకర ఉన్నా ఆ పట్టీ ఒక చివర మూడు, ఇంకో చివర రెండున్నర అయ్యి కంటికి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

అందుకని చాలామంది ఒక నిండు టైల్ తీసేసి మిగిలింది రెండు గోడలకీ పంచుతారు. 20 అడుగుల్లో మధ్యన 9 నిండు టైల్స్, రెండు చివర్లా 13 అంగుళాల పైచిలుకు ముక్కలు. 16 అడుగుల్లో 7 నిండువి, రెండు చివర్లా 13 అంగుళాలవి. చూడ్డానికి బాగుంటుంది. కానీ టైల్‌లో సగం కంటే పెద్ద ముక్క కావాలి కాబట్టి ఒక టైల్‌కి ఒక్క ముక్కే వస్తుంది. గళ్ల కాగితం మీద గీసి లెక్కపెట్టండి: 11 × 9 = 99 గళ్లు, వంటగది మూలలోకి పూర్తిగా పోయేవి 4 × 3 = 12. మిగిలినవి 87. అంటే 22 పెట్టెలు. మాస్టారి 20 చాలవు, మేస్త్రి చెప్పిన 21 కూడా చాలవు.

ఒంగోలు ఇల్లు: అయ్యో, ఇప్పుడు ఇంకో టెన్షన్. మరి స్కర్టింగ్ దేంతో?

తెనాలి సైటు: అది ఈ పద్ధతిలో దాదాపు ఉచితం. 13 అంగుళాలు కోయగా మిగిలిన 10 అంగుళాల ముక్కలు 30కి పైనే వస్తాయి. ఒక్కో దాంట్లో ఒక్క 4 అంగుళాల పట్టీనే లెక్కేసుకోండి, అలాగైతే స్కర్టింగ్ పై అంచుకి కంపెనీ అంచే వస్తుంది, రంపపు అంచు కంటే బాగుంటుంది. మీ హాలు చుట్టుకొలత 72 అడుగులు. మూల పోయినా చుట్టుకొలత తగ్గలేదు చూశారా, అది 20×16 గదికి ఎంతో అంతే. తలుపులకు ఓ 12 అడుగులు తీసేస్తే 31 పట్టీలు కావాలి. సరిపోతాయి.

వంటగది గోడ మూల తిరిగే చోట ఒక టైల్‌ని ఎల్ ఆకారంలో కోయాల్సి వస్తుంది. లోపలి మూలలో ముందు చిన్న రంధ్రం వేసి అక్కడిదాకా కోయమనండి. తిన్నగా రంపం పెట్టి లాగితే ఆ మూల నుంచే పగులు పాకుతుంది. దానికోసం ఒకటో రెండో టైల్స్ అదనంగా ఉంచుకోండి.

డాలస్ బావ: ఇక్కడ మేం లామినేట్ పలకలు వేసుకున్నాం అన్నా. మాకూ లివింగ్ రూమ్ ఎల్ ఆకారమే. ముక్కలుగా వైశాల్యం కట్టి 10 శాతం కలిపితే మిగిలిపోయింది కూడా. ఇంత లెక్క ఎందుకో అర్థం కావట్లేదు.

తెనాలి సైటు: పలకలకు మీరన్నది కరెక్టు. వరస చివర కోసిన ముక్క తర్వాత వరస మొదట్లో పడుతుంది, వృథా తక్కువ. చదరం టైల్స్‌ని సందులు కలిసేలా వేస్తే ఆ సౌకర్యం లేదు. టైల్ ఎంత పెద్దదైతే అంత ఇబ్బంది. అదే హాల్లో 1×1 వేస్తే మాస్టారి 10 శాతమే సరిపోవచ్చు.

ఐమూల స్థలం: మా గది ఎల్ కూడా కాదండీ, నాలుగు గోడలూ నాలుగు కొలతలు. 9, 12, 13, 14 అడుగులు వరసగా. మా పెదనాన్న ఎదురెదురు గోడల సగటు తీసి గుణించమన్నారు. 9, 13 సగటు 11. 12, 14 సగటు 13. మొత్తం 143. ఇది సరైనదేనా?

లెక్కల మాస్టారు: సరైనదే. పొలాలకు అలాగే కడతారు.

తెనాలి సైటు: పొలాలకు కట్టేవారు, నిజమే, కానీ అది ఎప్పుడూ అసలు కంటే ఎక్కువే చూపిస్తుంది. గది సరిగ్గా మూలమట్టానికి ఉంటేనే సమానమవుతుంది. నాలుగు గోడల కొలతలే ఉంటే గది ఎంత వాలిందో తెలియదు. మూల నుంచి మూలకు ఒక్క టేపు అదనంగా లాగండి.

ఐమూల స్థలం: ఇప్పుడే లాగాం. 9, 12 గోడలు కలిసే మూలకి అటూ ఇటూ ఉన్న మూలల మధ్య 15 అడుగులు.

లెక్కల మాస్టారు: అయితే ఆ మూల లంబకోణం, 9, 12, 15 కాబట్టి. ఆ త్రిభుజం 9×12లో సగం, 54. రెండోది 13, 14, 15. మూడూ కలిపి సగం చేస్తే 21. దానిలోంచి ఒక్కో భుజం తీసేస్తే 8, 7, 6. 21×8×7×6 = 7056, దాని వర్గమూలం 84. మొత్తం 138. సగటు పద్ధతిలో 5 అడుగులు ఎక్కువ వచ్చాయి, ఒప్పుకుంటున్నాను.

తెనాలి సైటు: టైల్స్‌కైతే ఆ 5 అడుగులు పెట్టెలో మూడో వంతే, పట్టించుకోనక్కర్లేదు. వాలు గోడ పక్కన పోయే ముక్కలే అంతకంటే ఎక్కువ. గ్రానైట్ వేస్తున్నా, పరిచిన అడుగుకి కూలీ ఇస్తున్నా మాత్రం 138 అనే గట్టిగా అనండి.

ఒంగోలు ఇల్లు: కూలీ అంటే గుర్తొచ్చింది. మా మేస్త్రి కూలీ కూడా 320కే అడుగుతున్నాడు. కోత పని ఎక్కువ కాబట్టి అంటున్నాడు.

లెక్కల మాస్టారు: అదీ సంగతి! టైల్స్ 320 అనడం వెనక ఉన్నది ఇదే.

తెనాలి సైటు: కావచ్చు, కాకపోవచ్చు. టైల్స్ దగ్గర అతని సంఖ్య దగ్గరగా రావడం మాత్రం కాకతాళీయమే. వంటగది 8×6 కాకుండా 12×10 పోయుంటే అదే 20×16 పద్ధతిలో 120 అడుగులు అదనంగా కొనేవారు. కూలీ దగ్గర 272, స్కర్టింగ్‌కి వేరే అడుగుల లెక్క. ఇది మా వైపు పద్ధతి.

చీరాల మేస్త్రి: నేను టైల్స్ పనే చేస్తాను. స్కర్టింగ్ వేరే ఇస్తే 272కి చేస్తాం. అది కూడా అందులోనే అంటే 320 అడుగుతాం, దాంట్లో మోసం ఏముంది? ఇంకో మాట. టైల్స్ మధ్యకు పంచి వేయడం అందంగా ఉంటుందని సైటు అన్న అన్నారు. ప్రధాన ద్వారం దగ్గర సగం ముక్క కనిపిస్తే ఓనర్లు ఒప్పుకోరు. ద్వారం నుంచి నిండు టైల్ మొదలుపెట్టి, పట్టీ సోఫా వెనక గోడకి పంపిస్తాం. వెనక గోడకి సామాను వస్తుందంటే నాకు 20 పెట్టెలు చాలు.

తెనాలి సైటు: ఆ గోడకి టీవీ యూనిట్ వస్తే నేనూ అలాగే చేస్తాను. ఖాళీ గోడైతే ఒప్పుకోను.

చీరాల మేస్త్రి: సామాను ఎక్కడ పెడతారో ఏ ఓనరూ ముందు చెప్పడు అన్నా.

ఒంగోలు ఇల్లు: ద్వారానికి ఎదురు గోడకే సోఫా. పక్క గోడ ఖాళీ. అంటే 20 అడుగుల వైపు పట్టీ, 16 అడుగుల వైపు పంచడమా?

తెనాలి సైటు: అలా కలిపి వేయొచ్చు. గళ్ల కాగితం మీద మళ్లీ లెక్కపెట్టి కొనండి, 20కీ 22కీ మధ్యన తేలుతుంది. కొట్టువాడిని విప్పని పెట్టెలు వెనక్కి తీసుకుంటాడా అని ముందే అడిగి బిల్లు మీద రాయించుకోండి. అన్ని పెట్టెల మీదా బ్యాచ్, షేడ్ నంబర్లు ఒకటేనా చూసుకోండి. తక్కువ పడి నెల తర్వాత వెళితే అదే షేడ్ దొరకకపోవచ్చు.

చీరాల మేస్త్రి: రెండు టైల్స్ అటక మీద దాచుకోండి కూడా. ప్లంబర్ ఎప్పుడో ఒకప్పుడు పగలగొడతాడు.