కౌలు కాగితం రాస్తే భూమి పోతదా?

పరకాల పట్టాదారు: నాలుగెకరాల పత్తి చెలక కౌలుకిస్తున్న. ఎకరానికి 15 వేలు, మొత్తం 60 వేలు. కౌలుదారు కాగితం రాయమంటుండు. పన్నెండేండ్లు దున్నితే భూమి ఆయనదైతదని ఊర్ల అంటున్నరు. రాయాల్నా?

నర్సంపేట రైతు: వంద రూపాయల స్టాంపు మీద పదకొండు నెలలని రాయి. కౌలు చట్టం దగ్గరికి కూడా రాదు.

కోర్టు గుమాస్తా: సగమే నిజం. ఏడాది దాటిన కౌలుకు రిజిస్ట్రేషన్ కావాలె, పదకొండు నెలల లెక్క దానికోసమే. 1950 కౌలుదారీ చట్టం నుంచి అది తప్పించదు. గడువు అయిపోయినా ఆయన దిగకపోతే ట్రాక్టరు దింపి దున్నొద్దు, తహసీల్దార్ ఉత్తర్వుతోనే స్వాధీనం తీసుకోవాలె.

పన్నెండేండ్ల భయమైతే ఉల్టా. యజమాని ఒప్పుకోకుండా, నాదే అని పట్టుకున్నోడికే ఆ లెక్క. కౌలుదారుగా సంతకం పెట్టినోడు ‘ఈ భూమి ఫలానా పట్టాదారుది’ అని ఒప్పుకున్నట్టే. నోటిమాట కౌలులో ఆ రాత రుజువు ఉండదు.

తేదీలు చూసి రాయండి. ఉగాది నుంచి ఉగాది అంటే ఒక్కోసారి ఏడాది దాటుతది, అధికమాసం పడితే పదమూడు నెలలు. పత్తికి జూన్ 1 నుంచి ఏప్రిల్ 30 పెడితే మూడో ఏరుడు కూడా అయిపోతది. సర్వే నంబరు, హద్దులు, 30 వేలు జూన్‌లో, 30 వేలు జనవరిలో అని రాసి, పైసలు ఖాతాలో వేయించుకోండి. నడుమ భూమి అమ్మినా నిలిచిన పంట కౌలుదారే ఏరుకుంటడని ఒక వాక్యం పెట్టండి. లొల్లి అక్కడే మొదలైతది: కొన్నోడు అక్టోబర్‌లో వచ్చి పొలం అప్పజెప్పమంటడు, కాయ చెట్టు మీదే ఉంటది. రైతు భరోసా పట్టాదారు ఖాతాలోనే పడుతది కాబట్టి, దాన్ని కౌలులో తగ్గిస్తరా లేదా ముందే తేల్చుకోండి.

ములుగు నుంచి: మా తాత రక్షిత కౌలుదారు, ఖాస్రా పహాణీల పేరుంది. మాకు కూడా ఇదేనా?

కోర్టు గుమాస్తా: కాదు, అది 1950 చట్టంల రక్షిత కౌలుదారుకు యాజమాన్య హక్కిచ్చే సెక్షన్ 38-ఇ సంగతి. రక్షిత కౌలుదారుల రిజిస్టర్‌లో పేరుందో లేదో నకలు తీయించి వేరే చర్చ పెట్టండి.

కౌలు రైతు: కాగితముంటే వ్యవసాయ విస్తరణాధికారి ఏఈఓను పంట నమోదు మా పేరున చేయమని అడగొచ్చు. లేకపోతే పత్తి అమ్మిన పైసలు పట్టాదారు ఖాతాకు పోతయి, ఆయన చుట్టూ తిరగాలె. 2011 భూ అధీకృత సాగుదారుల చట్టం కింద రుణ అర్హత కార్డు ఉన్నా భూమి మీద హక్కు రాదు, గడువు ఏడాదే.

పరకాల పట్టాదారు: అన్నీ సరే. ఏటా రాసిస్తే, నా సంతకమే నామీద సాక్ష్యమైతది కదా?

కోర్టు గుమాస్తా: కౌలు ఉందని చెప్పనీకి పక్క పొలపోళ్ల సాక్ష్యం చాలు. ఎంత భూమి, ఎన్నడిదాకా అనేది మాత్రం కాగితమే చెప్తది.

పరకాల పట్టాదారు: ఈ ఏడుకు రాస్త. వచ్చే ఏడు మళ్ల సూస్త.