‘జాయిండ్ ఇన్’లో ఆ ‘ఇన్’ ఎక్కడి నుంచి వచ్చింది?

భీమవరం నుంచి ఒక అన్నయ్య:

పెద్దలకు నమస్కారం. మా చెల్లెలు భీమవరం దగ్గర ఒక రొయ్యల ప్రాసెసింగ్ యూనిట్‌లో, క్వాలిటీ విభాగంలో కొత్తగా చేరింది. విభాగంలోని వారందరికీ తనను పరిచయం చేసుకుంటూ ఒక మెయిల్ రాసి, పంపేముందు పై అధికారికి చూపించింది. ఆయన పది చోట్ల గీతలు గీసి, కారణం ఒక్కటీ చెప్పకుండా తిప్పి ఇచ్చారు. సరిచేయడం కష్టం కాదు కానీ, ఆ పొరపాట్లు ఎందుకు వస్తున్నాయో తెలియకపోతే వచ్చే మెయిల్‌లోనూ అవే వస్తాయని తన బాధ. పేరు తీసేసి ఆ మెయిల్‌ను తెలుగు లిపిలో ఇక్కడ పెడుతున్నాను.

“డియర్ ఆల్, ఐ యామ్ మైక్రోబయాలజిస్ట్. ఐ జాయిండ్ ఇన్ క్వాలిటీ డిపార్ట్‌మెంట్ ఆన్ లాస్ట్ మండే. ఐ హావ్ ఎ ఎమ్మెస్సీ ఫ్రమ్ ది ఆంధ్రా యూనివర్సిటీ, అండ్ ఐ యామ్ వర్కింగ్ ఇన్ సీఫుడ్ ల్యాబ్స్ సిన్స్ త్రీ ఇయర్స్. ఐ యామ్ ఫ్రమ్ ఎ విలేజ్ నియర్ టు గోదావరి. ఐ వుడ్ లైక్ టు డిస్కస్ అబౌట్ ది టెస్టింగ్ షెడ్యూల్ విత్ యూ.”

ఆయన గీతలు పడిన చోట్లు ఇవి: ‘యామ్ మైక్రోబయాలజిస్ట్’, ‘జాయిండ్ ఇన్ క్వాలిటీ’, ‘ఆన్ లాస్ట్ మండే’, ‘ఎ ఎమ్మెస్సీ’, కొట్టేసిన ‘ది’తో ‘ది ఆంధ్రా యూనివర్సిటీ’, ‘యామ్ వర్కింగ్’, ‘సిన్స్’, ‘నియర్ టు’, ముందు ‘ది’ చేర్చిన ‘గోదావరి’, ‘డిస్కస్ అబౌట్’.

నరసాపురం బ్యాంకు ఉద్యోగి:

మెయిల్ తెలుగులోనే రాయమనండి, ఈ బాధే ఉండదు. “ఈ విభాగంలో కొత్తగా చేరిన నన్ను మీకు పరిచయం చేసుకుంటున్నాను” అని మొదలుపెడితే ఎంత హుందాగా ఉంటుందో చూడండి.

భీమవరం నుంచి ఒక అన్నయ్య:

మీ వాక్యం బాగుందండి. అయితే ఆ విభాగంలో ఒడిశా, కేరళ నుంచి వచ్చినవారు కూడా ఉన్నారు కాబట్టి మెయిల్ ఇంగ్లీషులోనే వెళ్లాలి. నేను అడిగింది పొరపాట్లకు కారణం.

తణుకు మాస్టారు:

ముందు ‘జాయిండ్ ఇన్’ సంగతి చూద్దాం, ఎందుకంటే మిగిలిన వాటికి తాళంచెవి అక్కడే ఉన్నది. మనం “బడిలో చేరాను” అంటాము, “బడిని చేరాను” అంటే నడిచి బడి దాకా వెళ్లానని అర్థం మారిపోతుంది. కాబట్టి ఉద్యోగమైనా చదువైనా ‘చేరు’ అనే క్రియ తన ముందు ‘లో’ కావాలని పట్టుబడుతుంది. ఇంగ్లీషు ‘జాయిన్’ మాత్రం విభాగం పేరును మధ్యవర్తి లేకుండా నేరుగా తీసుకుంటుంది. మీ చెల్లెలు ‘లో’ను ‘ఇన్’గా మార్చింది. ఆమెకు ఇంగ్లీషు రాక జరిగిన పొరపాటు కాదు ఇది, తెలుగు క్రియ అడిగిన విభక్తిని ఇంగ్లీషు క్రియకు తగిలించడం వల్ల జరిగినది.

‘నియర్ టు’ కూడా ఇదే దారిన వచ్చింది. “గోదావరికి దగ్గర” అన్నప్పుడు ఆ ‘కి’ని వదిలిపెట్టడానికి మనకు మనసొప్పదు, అది ‘టు’ అయి కూర్చుంటుంది. ‘డిస్కస్ అబౌట్’లో ఉన్నది మన ‘గురించి’. ఇక్కడ ఇంగ్లీషు కూడా కొంత తికమక పెడుతుంది: ‘టాక్’ అనే క్రియకూ, ‘డిస్కషన్’ అనే నామవాచకానికీ ‘అబౌట్’ పెట్టవచ్చు, ‘డిస్కస్’ అనే క్రియకు మాత్రం పెట్టకూడదు.

నరసాపురం బ్యాంకు ఉద్యోగి:

మాస్టారూ, ఇప్పుడు నాకొక పాత సంగతి అర్థమైంది. నేను ఏళ్ల తరబడి సెలవు చీటీల్లో “ఐ యామ్ సఫరింగ్ విత్ ఫీవర్” అనే రాశాను. జ్వరంతో బాధపడుతున్నాను కాబట్టి ‘విత్’ అన్నమాట! ఒక మేనేజరు గారు ‘విత్’ కొట్టేసి ‘ఫ్రమ్’ రాసినప్పుడు, జ్వరం నుంచి బాధపడటం ఏమిటని లోలోపల నవ్వుకున్నాను కూడా.

అమలాపురం అధ్యాపకురాలు:

మాస్టారు చెప్పిన సూత్రాన్ని మెయిల్ మొత్తానికి వర్తింపజేస్తే సరిపోతుంది. పొరపాట్లన్నీ తెలుగు నుంచే వచ్చాయి. ‘ఎమ్మెస్సీ ఫ్రమ్’ అన్నది కూడా తప్పే, అక్కడ ‘ఎట్’ ఉండాలి. చివరి వాక్యంలో ‘ది టెస్టింగ్ షెడ్యూల్’లోని ‘ది’ని కూడా తీసేయాలి, దానిని ఆ అధికారి గమనించినట్టు లేదు.

తణుకు మాస్టారు:

అమ్మా, మీరు చెప్పినదానిలో సగం ఒప్పుకుంటాను. తెలుగే కారణమైతే మనం “యూనివర్సిటీలో ఎమ్మెస్సీ చేశాను” అంటాము కాబట్టి ఆ అమ్మాయి ‘ఇన్’ అని రాసి ఉండేది. ఆమె ‘ఫ్రమ్’ అని రాసింది, అది సరైనదే. ‘స్టడీడ్’ అంటే ‘ఎట్’ కావాలి కానీ, డిగ్రీని పేర్కొన్నప్పుడు అది ఎవరు ఇచ్చారన్నది ముఖ్యం కాబట్టి ‘ఫ్రమ్’ ఉంటుంది. అధికారి కూడా దాని కింద గీత గీయలేదని గమనించండి.

‘ఆన్ లాస్ట్ మండే’ కూడా తెలుగు చేసిన తప్పు కాదు. మనం “పోయిన సోమవారం చేరాను” అని విభక్తి లేకుండానే అంటాము, అలాగే అనుకుని ఉంటే ఆమె వాక్యం సరిగ్గా వచ్చేది. వారాల పేర్ల ముందు ‘ఆన్’ పెట్టాలని బడిలో నేర్పారు. ‘లాస్ట్’, ‘నెక్స్ట్’, ‘దిస్’ వస్తే ఆ ‘ఆన్’ తప్పుకుంటుందని నేర్పడం మరిచారు. నేనూ ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పినవాణ్నే కాబట్టి ఆ తప్పులో నాకూ వాటా ఉన్నది.

ఇక ‘సిన్స్ త్రీ ఇయర్స్’ పూర్తిగా మన ‘నుంచి’ చేసిన పని. “సోమవారం నుంచి”, “మూడేళ్ల నుంచి” అని రెండింటికీ మనకు ఒకే మాట చాలు. ఇంగ్లీషు మాత్రం, పని మొదలైన క్షణానికి ‘సిన్స్’, గడిచిన కాలానికి ‘ఫర్’ అని వేరు చేస్తుంది. ఏది ఎక్కడో తెలుసుకోవడానికి తెలుగులోనే ఒక ఉపాయం ఉన్నది. ‘నుంచి’ తీసి ‘గా’ పెట్టి చూడండి. “మూడేళ్లుగా పనిచేస్తున్నాను” అని చక్కగా అనవచ్చు, కాబట్టి అక్కడ ‘ఫర్’. “సోమవారంగా పనిచేస్తున్నాను” అని ఎవరూ అనరు, కాబట్టి అక్కడ ‘సిన్స్’. దీనితోపాటు క్రియ కూడా మారాలి: మన “పనిచేస్తున్నాను” ఇక్కడ ‘యామ్ వర్కింగ్’ కాదు, ‘హావ్ బీన్ వర్కింగ్’ అవుతుంది.

భీమవరం నుంచి ఒక అన్నయ్య:

‘గా’ ఉపాయం ఇప్పుడే చెల్లెలికి చెప్పాను మాస్టారూ, వెంటనే పట్టేసింది. అయితే ‘ఎ’, ‘యాన్’, ‘ది’ల విషయంలో తెలుగు ఏ సాయమూ చేయదని అంటోంది. మనకు అవి లేనే లేవు కదా.

తణుకు మాస్టారు:

మాటలు లేవు కానీ ఆ తేడా మనకు లేకపోలేదు. “రేవులో పడవ ఉంది” అంటే ఏదో ఒక పడవ ఉన్నదని వినేవారికి కొత్తగా చెబుతున్నాము. “పడవ రేవులో ఉంది” అంటే మనిద్దరికీ తెలిసిన ఆ పడవే. మొదటిది ‘ఎ బోట్’, రెండవది ‘ది బోట్’. అంటే ఇంగ్లీషువారు చిన్న మాటతో చేసే పనిని ఇలాంటి చోట మనం మాటల వరుసతో చేస్తున్నాము. అన్ని వాక్యాలకూ ఈ కొలత పనికిరాదు. “క్వాలిటీ విభాగంలో చేరాను” అన్నదానిలో వరుస మార్చినా తేడా తెలియదు. అప్పుడు చదివేవారు “ఏ విభాగం?” అని అడుగుతారా అని ఆలోచించాలి. ఆ సంస్థలో క్వాలిటీ విభాగం ఒక్కటే, చదివేవారందరూ అందులోనివారే, కాబట్టి ‘ది’.

అమలాపురం వారు తీసేయమన్న ‘ది టెస్టింగ్ షెడ్యూల్’ కూడా ఈ కొలతతోనే తేలుతుంది. అందరి దగ్గరా ఒక షెడ్యూలు ఇప్పటికే ఉంటే ‘ది’ ఉండవలసిందే. ఇంకా తయారు కాకపోతే ‘ఎ’ కావాలి. రెండూ తీసేస్తే మాత్రం వాక్యం కుంటుతుంది.

‘ఐ యామ్ మైక్రోబయాలజిస్ట్’లో పోయిన ‘ఎ’కు కారణం వేరు. మనం “నేను డాక్టరుని” అంటాము. అందులో ‘ఉన్నాను’ లేదు, ‘ఒక’ లేదు, చివర ఆ ‘ని’ ఒక్కటే పని అంతా చేస్తుంది. వృత్తి పేరు ముందు ‘ఒక’ పెట్టి “నేను ఒక డాక్టరుని” అనడం ఈ మధ్య పెరిగింది. నా చెవికి అది ఇంగ్లీషు వాసన కొడుతుంది. ఇంగ్లీషులో మాత్రం వృత్తి ముందు ‘ఎ’ ఉండి తీరాలి.

అమలాపురం అధ్యాపకురాలు:

షెడ్యూలు విషయంలో నేను తొందరపడ్డాను. అయితే ‘ఎ ఎమ్మెస్సీ’ మాటేమిటి? ఎమ్ హల్లు కదా, ‘ఎ’ ఉంటే తప్పేమిటి?

తణుకు మాస్టారు:

అక్షరం హల్లే కానీ దాని పేరు అచ్చుతో మొదలవుతుంది. ఇక్కడ మన లిపి ఎంతో మేలు చేస్తుంది. సందేహం వస్తే ఆ మాటను తెలుగులో రాసి చూడండి: ‘ఎమ్మెస్సీ’, ‘అవర్’ అచ్చుతో మొదలయ్యాయి కాబట్టి ‘యాన్’. ‘యూనివర్సిటీ’, ‘వన్’ హల్లుతో మొదలయ్యాయి కాబట్టి ‘ఎ’. రాతను నమ్మండి, నోటిని నమ్మకండి. ఎల్లమ్మను యెల్లమ్మ అన్నట్టు మనం ఎమ్మెస్సీని కూడా యెమ్మెస్సీ అని పలుకుతాము. ఆ యకారం వినపడబట్టే ఆ అమ్మాయికి ‘ఎ’ సరిగ్గా ఉన్నట్టు తోచి ఉంటుంది.

నరసాపురం బ్యాంకు ఉద్యోగి:

మరి గోదావరి ముందు ‘ది’ ఏమిటండీ? గోదావరి ఒక్కటే కదా, “ఏ గోదావరి?” అని ఎవరడుగుతారు? ఆంధ్రా యూనివర్సిటీ కూడా ఒక్కటే, దానికి మాత్రం ‘ది’ తీసేయాలట!

తణుకు మాస్టారు:

పేర్ల దగ్గర నా కొలత చెల్లదు, అక్కడ వాడుకను గుర్తుపెట్టుకోవడమే. నదికీ కాలువకూ ‘ది’ ఉంటుంది: ‘ది గోదావరి’, ‘ది నరసాపురం కెనాల్’. ఊరికీ జిల్లాకూ ఉండదు: భీమవరం, వెస్ట్ గోదావరి. నది పేరే జిల్లాకు పెట్టుకున్న మనకు ఇక్కడ చిక్కు సహజం. సరస్సు పేరుకు ఉండదు కాబట్టి ‘కొల్లేరు లేక్’ అంతే. ప్రాంతం పేరుతో మొదలయ్యే యూనివర్సిటీకి ‘ది’ రాదు. అదే ‘యూనివర్సిటీ ఆఫ్ హైదరాబాద్’ అంటే వస్తుంది.

అమలాపురం అధ్యాపకురాలు:

ఒక్క మాట అడుగుతాను. ‘డిస్కస్ అబౌట్’ను దేశమంతటా చదువుకున్నవారే అంటున్నారు. దానిని ఇంకా తప్పు అనడం న్యాయమా? భారతీయ ఇంగ్లీషు అని ఒప్పుకోకూడదా?

తణుకు మాస్టారు:

నోటి మాటలో నేను దిద్దను. పై అధికారి గీత గీసే చోట మాత్రం రాయవద్దంటాను. మీరు దీనితో తృప్తిపడరని తెలుసు.

అమలాపురం అధ్యాపకురాలు:

తృప్తిపడలేదు మాస్టారూ. గీత గీసేవారు కూడా రేపు మాట్లాడేటప్పుడు అదే అంటారు.

భీమవరం నుంచి ఒక అన్నయ్య:

చెల్లెలు తిరగరాసింది: “ఐ యామ్ ఎ మైక్రోబయాలజిస్ట్. ఐ జాయిండ్ ది క్వాలిటీ డిపార్ట్‌మెంట్ లాస్ట్ మండే. ఐ హావ్ యాన్ ఎమ్మెస్సీ ఫ్రమ్ ఆంధ్రా యూనివర్సిటీ, అండ్ ఐ హావ్ బీన్ వర్కింగ్ ఇన్ సీఫుడ్ ల్యాబ్స్ ఫర్ త్రీ ఇయర్స్. ఐ యామ్ ఫ్రమ్ ఎ విలేజ్ నియర్ ది గోదావరి. ఐ వుడ్ లైక్ టు డిస్కస్ ది టెస్టింగ్ షెడ్యూల్ విత్ యూ.” షెడ్యూలు గోడకు అంటించి ఉందట, అందుకని ‘ది’ ఉంచేసింది.