అక్క మనదైతే బావ మనవాడవుతాడా?

మిర్యాలగూడ తమ్ముడు:
వచ్చే శుక్రవారం మా అక్క పెళ్లి. బావది జడ్చర్ల. ఆ సాయంత్రం రిసెప్షన్‌లో తమ్ముడిగా నన్ను నాలుగు మాటలు మాట్లాడమన్నారు. గ్లాసు ఎత్తి మాట్లాడే పద్ధతి మా ఇళ్లలో లేదు. మైకు చేతికిస్తారు, ముందు వరసలో పెద్దలుంటారు, వెనక భోజనాలు నడుస్తుంటాయి. రెండు కుటుంబాలకూ గౌరవం దక్కాలి, కాస్త నవ్వూ రావాలి. "అక్క మనదైతే బావ మనవాడవుతాడా" అన్న సామెతతో మొదలుపెట్టి, మా బావ మనవాడే అని ముగించాలని ఉంది. మగపెళ్లివారు కూర్చున్న చోట ఈ సామెత అనవచ్చా? ఎలా అంటే బాగుంటుంది?

కల్వకుర్తి పెద్దాయన:
శుభలేఖ మీదికి "జానక్యాః కమలామలాంజలిపుటే" శ్లోకాన్ని మించింది లేదు నాయనా. తలంబ్రాల ముత్యాలు సీతమ్మ దోసిట్లో ఎర్రగా, రాముడి తలమీద తెల్లగా, ఆయన ఒంటిమీద జారుతూ నీలంగా కనిపిస్తాయి. అచ్చులో ఒత్తులు పోకుండా చూసుకోండి.

మిర్యాలగూడ తమ్ముడు:
శుభలేఖలు పంచడం అయిపోయింది తాతగారూ. ఇది మైకులో మాట్లాడటానికి.

దేవరకొండ మిత్రుడు:
సామెత ఎందుకు, పోతన పద్యమే ఉంది కదా. "అన్నవు నీవు చెల్లెలికి నక్కట మాడలు చీరలిచ్చుటో, మన్నన చేయుటో, మధుర మంజుల భాషల నాదరించుటో". తోబుట్టువుకు ఏమివ్వాలో రెండు పాదాల్లో చెప్పేశాడు. మాడలంటే బంగారు నాణేలు. పైగా అందులో "అక్క" అన్న మాట కూడా వచ్చింది. రాగం తీసి చదివితే చప్పట్లు మోగుతాయి.

వనపర్తి పంతులు:
పద్యం సరిగానే గుర్తుంది మిత్రమా, మాడలకు అర్థమూ సరే. కానీ అందులో ఉన్నది అక్క కాదు, "అక్కట". అయ్యో అని. ఆ అయ్యో ఎందుకు వచ్చిందో చూడండి. దశమ స్కంధంలో దేవకీ వసుదేవుల పెళ్లి అయింది. చెల్లెలి మీది ప్రేమతో కంసుడు తానే రథం తోలుతున్నాడు. ఆకాశవాణి వినిపించింది. వెంటనే చెల్లెలి జుట్టు పట్టుకుని కత్తి దూశాడు. అప్పుడు కొత్త పెళ్లికొడుకు బావమరిదిని బతిమాలుతున్న పద్యమిది. మూడో పాదంలో "చంపకుమన్న" అని ఉంది, నాలుగో పాదంలో "వధింపకుమన్న" అని ఉంది. ప్రాసస్థానంలోని "న్న"నే పట్టుకుని పోతన పద్యం పొడవునా అన్నా అన్నా అని మొత్తుకోళ్లు వినిపించాడు. పెళ్లి పందిట్లో చదవవలసిన పద్యం కాదు.

దేవరకొండ మిత్రుడు:
రెండు పాదాలు చదివి ఆపేస్తే? తర్వాత ఏముందో ఈ రోజుల్లో ఎంతమందికి తెలుసు?

వనపర్తి పంతులు:
మా పాలమూరు పల్లెల్లో భజన మండలిలో కూర్చున్న పెద్దవాళ్లకు ఆ పద్యం వచ్చు. మీరు రెండో పాదం దగ్గర ఆపినా వాళ్ల చెవిలో నాలుగో పాదం దాకా నడుస్తుంది. మీరు ఆపినచోట వాళ్లు ఆగరు.

సామెతల్లోనూ అంతే, తమ్ముడూ. నీ సామెత మంచిదే, పైగా దాని వేరే సగమంటూ ఏదీ లేదు. అది ప్రశ్న. ప్రశ్న వేసినవాడు జవాబు చెప్పే బాధ్యత తీసుకుంటే మగపెళ్లివారికి కోపం రాదు. నువ్వు చూసుకోవలసింది అందులోని "మన". సామెతలో మన అంటే ఆడపిల్లవైపువాళ్లం మాత్రమే. కానీ హాల్లో మైకు పట్టుకుని "మన" అంటే ఎదురుగా కూర్చున్న అందరూ అందులోకి వస్తారు, జడ్చర్లవారూ వస్తారు. "మా" అంటే వాళ్లు బయటే ఉంటారు. కాబట్టి మాట్లాడేటప్పుడు "మా అక్క" అని మొదలుపెట్టు, "మన అక్క" అని ముగించు. మధ్యలో ఏదో జరిగి ఆ మార్పు రావాలి. ఆ జరిగింది ఏమిటో నువ్వే చెప్పాలి. సామెత దాన్ని చెప్పలేదు.

మిర్యాలగూడ తమ్ముడు:
ఉంది సార్. పోయిన నెల యాసంగి ధాన్యం కొనుగోలు కేంద్రంలో పోసి కాంటా కోసం కూర్చున్నాం. బావ శుభలేఖల నమూనా చూపించడానికి వచ్చారు. సాయంత్రం గాలివాన. నాన్నా నేనూ టార్పాలిన్ లాగుతుంటే ఒక మూల గాలికి లేచిపోతోంది. ఎవరూ పిలవలేదు, ఆయనే వచ్చి ఆ మూల మీద కూర్చున్నారు. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా. వాన తగ్గేదాకా లేవలేదు. నాన్న ఆ రాత్రి ఇంటికొచ్చి అమ్మతో "పిల్లవాడు బరువు తెలిసినవాడు" అన్నారు. మా నాన్న ఎవరినీ త్వరగా మెచ్చుకోరు.

వనపర్తి పంతులు:
ఇంతకన్నా ఏం కావాలి? సామెత చెప్పు, నవ్వు రానివ్వు, ఆగు, తర్వాత టార్పాలిన్. నాన్నగారి మాట మాత్రం ఒక్క అక్షరం మార్చకుండా చెప్పు. బావ మంచివాడు, సంస్కారవంతుడు అన్న విశేషణాలేవీ తగిలించకు. మూల మీద కూర్చోవడం చాలు.

నారాయణపేట వదిన:
ఒక మాట చెప్పనివ్వండి. నా పెళ్లిలో మా అన్నయ్య మైకు తీసుకుని, "ఆడపిల్ల అంటేనే ఆడ పిల్ల, ఈడ పిల్ల కాదు" అన్నాడు. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. పుట్టింటి నుంచి పేరు కొట్టేసినట్టు అనిపించింది. అమ్మ చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, అది నవ్వు కాదు. ఆ తర్వాత ఒడిబియ్యం పోసేటప్పుడు అన్నయ్య కళ్లల్లో నీళ్లు తిరిగాయి, అయినా మైకులో అన్నమాట వెనక్కి రాలేదు. ఈ మాట మాత్రం మీ దగ్గర వద్దు.

వనపర్తి పంతులు:
అమ్మా, ఆ చమత్కారానికి వ్యాకరణంలోనూ చోటు లేదు. స్త్రీ అనే అర్థంలో ఉన్నది అరసున్న ఉన్న ఆఁడు. అక్కడ అనే ఆడ, "ఆ ఎడ" నుంచి వచ్చింది. రెండింటికీ చుట్టరికం లేదు.

నారాయణపేట వదిన:
వ్యాకరణం ఎలా ఉన్నా వద్దనే అంటాను సార్.

మిర్యాలగూడ తమ్ముడు:
అనను వదినా. అయితే నవ్వుకోసం ఇది రాసుకున్నాను, చూడండి. "అక్కకు కోపం వస్తే తను మాట్లాడదు, గిన్నెలు మాట్లాడతాయి. బావా, చప్పుడు వినిపిస్తే వంటింట్లోకి వెళ్లకండి."

నారాయణపేట వదిన:
నవ్వొచ్చింది, కానీ ఇదీ వద్దు. మొదటి వారంలో ఆమె చేతిలోంచి గరిటె జారినా "తమ్ముడు ముందే చెప్పాడు" అంటారు అత్తగారింట్లో. అక్క వెళ్లాక మీ ఇంట్లో ఏది తక్కువవుతుందో దానిమీద నవ్వించండి.

మిర్యాలగూడ తమ్ముడు:
"ఇన్నేళ్లూ మా ఇంట్లో టీవీ రిమోట్ అక్క చేతిలో ఉంది. రేపటి నుంచి అది ఖాళీ. కానీ నాన్నకు వార్తలు ఏ నంబరులో వస్తాయో, నానమ్మ సీరియల్ ఏ నంబరులో వస్తుందో అక్కకే తెలుసు. బావా, సాయంత్రం ఆరింటికి మా ఇంటి నుంచి ఫోన్ వస్తే కంగారు పడకండి." ఇది సరేనా?

నారాయణపేట వదిన:
ఇది బాగుంది. నవ్వుతారు, ఇల్లు ఎవరిమీద నడిచిందో కూడా తెలుస్తుంది.

దేవరకొండ మిత్రుడు:
ముగింపుకు నా దగ్గర ఇంకో సామెత ఉంది, ఈసారి సందర్భం తప్పలేదు. "బావమరిది బతుకు కోరతాడు". బావ మనవాడా అన్న ప్రశ్నకు తమ్ముడి వైపు నుంచి జవాబు. మీరు మావారో కాదో మీ ఇష్టం, నేను మాత్రం మీవాణ్ణి అని.

వనపర్తి పంతులు:
ఇది భేషైన జోడీ. మొదటిది బావను ప్రశ్నిస్తుంది, రెండోది బావమరిది తన పూచీ ఇస్తుంది. కానీ మిత్రమా, మళ్లీ సగమే చెప్పావు. రెండో సగం "దాయాది చావు కోరతాడు". తమ్ముడూ, మీ ముందు వరసలో ఎవరు కూర్చుంటారు?

మిర్యాలగూడ తమ్ముడు:
పెదనాన్న, ఇద్దరు బాబాయిలు. పెళ్లి పనులన్నీ నెత్తిన వేసుకున్నది వాళ్లే. ఎదుర్కోలు దగ్గర పానకం బిందె మోసేది కూడా చిన్న బాబాయే.

వనపర్తి పంతులు:
వాళ్లే దాయాదులు. పొలం పంచుకునే వరస. నువ్వు సగం చెప్పి ఆపితే రెండో సగం వెతుక్కుంటూ హాలంతా వాళ్లవైపు చూస్తుంది. నీకు ఆ ఉద్దేశం లేకపోయినా సరే.

నారాయణపేట వదిన:
సామెతలా చెప్పకపోతే సరిపోతుంది కదా సార్? "బావమరిది బతుకు కోరతాడంటారు" అంటే అందరికీ సామెత గుర్తొస్తుంది. "అంటారు" తీసేసి, "బావా, నేను మీ బతుకు కోరేవాణ్ణి" అని తన మాటగా చెబితే?

వనపర్తి పంతులు:
ఇది నాకు తట్టలేదమ్మా. "అంటారు" అన్న చోటే వినేవాళ్లు తక్కిన సగం కోసం చూస్తారు. అది తీసేస్తే తమ్ముడి సొంత మాట అవుతుంది. తెలిసినవాళ్లు సామెతను గుర్తుపట్టి మనసులో మెచ్చుకుంటారు. ఒకరిద్దరు దాయాది దగ్గరికీ వెళతారేమో, ఆ ప్రమాదం పూర్తిగా పోదు. అందుకే దానికి ముందే పెదనాన్న, బాబాయిల పేర్లు చెప్పి, పానకం బిందె సంగతి చెప్పి దండం పెట్టు. ఆ తర్వాతే ఈ మాట.

దేవరకొండ మిత్రుడు:
"బతుకు" బదులు "బాగు" అంటే మంచిది. బతుకు అంటే ఇప్పుడు కష్టపడి బతకడం గుర్తొస్తుంది. "ఏం బతుకు" అంటాం కదా. పెళ్లిలో అదెందుకు?

వనపర్తి పంతులు:
బతుకమ్మ ఆడే జిల్లాల్లో బతుకు అశుభం ఎలా అవుతుంది? పెద్దవాళ్లు దీవించేదే "సల్లగ బతుకు" అని. పైగా "బాగు కోరేవాణ్ణి" అంటే ఉత్తరం చివర సంతకంలా ఉంటుంది.

దేవరకొండ మిత్రుడు:
దీవెన పెద్దవాళ్లిస్తారు సార్. తనకన్నా పెద్దవాడైన బావను "మీ బతుకు కోరతాను" అనడం నా చెవికి ఇంకా అతకడం లేదు.

నారాయణపేట వదిన:
నాకైతే రెండూ సరే. ఇంతకీ బావను మీరు అంటారా, నువ్వు అంటారా? మొత్తం ఒకేలా ఉండాలి.

మిర్యాలగూడ తమ్ముడు:
ఇంట్లోనూ మీరే వదినా. అయితే మీరు అంటూ "మనవాడు" అంటే తేడాగా ఉంటుందా అని అనుమానం.

వనపర్తి పంతులు:
ఉండదు. "వాడు" అని విడిగా అంటే తక్కువ చేసినట్టు. "మనవాడు" కలిసిపోయిన మాట, అందులో చనువే తప్ప చులకన లేదు. "మనవారు" అని దిద్దితే సామెత చచ్చిపోతుంది.

మిర్యాలగూడ తమ్ముడు:
అందరికీ ధన్యవాదాలు. ఇప్పటికి ఇలా వచ్చింది.

"పెద్దలందరికీ నమస్కారం. అక్క మనదైతే బావ మనవాడవుతాడా అని సామెత. మా అక్క సంబంధం కుదిరినప్పటి నుంచీ ఇదే ఆలోచించాను. పోయిన నెల ధాన్యం మీద వాన పడింది. టార్పాలిన్ ఒక మూల లేచిపోతుంటే, ఈయన తెల్ల చొక్కాతో వచ్చి దానిమీద కూర్చున్నారు. వాన తగ్గేదాకా లేవలేదు. ఆ రాత్రి నాన్న అమ్మతో అన్నారు, పిల్లవాడు బరువు తెలిసినవాడు అని. జడ్చర్ల అత్తమ్మా, మామయ్యా, అలా పెంచినందుకు మీకు దండాలు. మా పెదనాన్న, బాబాయిలు ఈ పెళ్లిని తమ ఇంటి పెళ్లిలా చేశారు. పానకం బిందె మోసిన చిన్న బాబాయి భుజం ఇంకా నొస్తోంది, ఆయన చెప్పరు, నేను చెబుతున్నాను. ఇక రిమోట్ సంగతి..."

రిమోట్ తర్వాత, "బావా, నేను మీ బతుకు కోరేవాణ్ణి. మన అక్కను మీరు చూసుకోండి, మిమ్మల్ని మన అక్క చూసుకుంటుంది" అని ముగిస్తాను.

నారాయణపేట వదిన:
"మిమ్మల్ని మన అక్క చూసుకుంటుంది" దగ్గర ఆపండి. ఆ తర్వాత ఏమీ వద్దు, మైకు అక్క చేతికివ్వండి.

దేవరకొండ మిత్రుడు:
బాగుంది. కానీ బాగా, బతుకా?

మిర్యాలగూడ తమ్ముడు:
ఈ రాత్రి నానమ్మకు రెండూ చదివి వినిపిస్తాను అన్నా. ఆమె ఏదంటే అదే.