అప్‌డేట్: ఏజీఎంలో మెయింటెనెన్స్ లెక్క చెప్పాను

నా ప్రశ్న: "తిరుపతిలో మాది 48 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్, నేను ట్రెజరర్‌ని. లెక్కల్లో మిగులు ఉంటే బ్యాంకులో డబ్బేదని అడుగుతున్నారు. మీటింగ్‌లో ఎలా చెప్పాలి?"

నిన్న మీటింగ్ అయింది. పేపర్లు చదవకుండా బోర్డు మీద రాసి చూపించాను. ఫ్లాటుకు నెలకు 2,500 చొప్పున 48 ఫ్లాట్లకు ఏడాదికి రావాల్సింది 14,40,000. ఖర్చు 13,50,000. ఆడిటర్ చూపిన మిగులు 90,000 ఇదే. కానీ అది రావాల్సిన డబ్బు మీద వేసిన లెక్క. నిజంగా చేతికొచ్చింది 12,60,000. అంటే బ్యాంకులో 90,000 పెరగలేదు, తగ్గింది. ఏడాది మొదట్లో 1,40,000 ఉండేది, ఇప్పుడు 50,000. పాస్‌బుక్ అందరికీ ఇచ్చాను.

మిగతా 1,80,000 తొమ్మిది ఫ్లాట్ల ఎనిమిది నెలల బాకీ. నంబర్లు చదవలేదు, నోటీసులు ముందే పంపాం. ఇది మంచి పనే అనిపిస్తోంది, లేకపోతే మీటింగంతా గొడవే.

తర్వాత రెండో అంతస్తు అక్క "ట్యాంకర్లకు అంతెందుకు సార్?" అని అడిగారు. ఎండాకాలంలో బోరు ఎండిపోయింది, రోజూ ట్యాంకర్లే గతి. వోచర్ల ఫైలు ఆమె చేతికే ఇచ్చాను. ప్రతి వోచర్ మీద బండి నంబరు, వచ్చిన టైము, వాచ్‌మన్ సంతకం ఉన్నాయి. మే నెలవి ఆమె ఒక్కొక్కటీ తిప్పి, సంతకం లేని రెండింటిని పట్టుకున్నారు. ఆ రెండూ సప్లయర్ బిల్లుతో సరిచూసే వరకు ఆమోదించొద్దని నేనే మినిట్స్‌లో రాయించాను.

బాకీలకు మూడు వాయిదాలు ఇచ్చారు. ఆ రెండు వోచర్లు తప్ప మిగతా లెక్కలు పాసయ్యాయి.